పన్నెండు సెంటీమీటర్ల నిజం

గృహప్రవేశం అయిపోతుంది, పాలు పొంగుతాయి, బంధువులు భోంచేసి వెళ్తారు. మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలన్న సంగతి ఏ బ్యాంకువాడో అడిగినప్పుడు గుర్తొస్తుంది. మనవాళ్లు ‘కంప్లీషన్ సర్టిఫికెట్’ అని ఒకే మాటగా అనేస్తారు గానీ, 2012 భవన నిర్మాణ నియమాల్లో ఇవి రెండు. ఇల్లు పూర్తయిందని యజమాని ఆర్కిటెక్టు ద్వారా చెప్పుకునేది ఒకటి. దాన్ని చూసి, కొలిచి, ఉండవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రెండోది. మన అర్జీ మొదటిదాన్ని జతచేసి రెండోదాన్ని అడుగుతుంది.

అర్జీ రాయడం కష్టం కాదు. ‘మున్సిపల్ కమిషనర్ గారికి’ అని మొదలుపెట్టి, విషయంలో పర్మిట్ నంబరు, తేదీ, సర్వే నంబరు రాస్తే సగం పని అయినట్టే. తడబడేది తర్వాతి వాక్యం దగ్గర. పాత నమూనా చూసి చాలామంది ‘మంజూరైన ప్లాను ప్రకారమే కట్టితిమి’ అని రాసేస్తారు. ఆ వాక్యం రాసేముందు ఒక్కసారి టేపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి.

ఉదాహరణకు మూడు వందల గజాల స్థలం, పైన రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. ప్లానులో పక్క ఖాళీ మీటరున్నర. పునాది సరిగ్గానే వేశారు. తర్వాత ఇటుక కాస్త బయటికి జరిగింది, దానిమీద ప్లాస్టరింగు, ఆపైన టైల్స్. చివరికి టేపు 1.38 మీటర్లు చూపించింది. పన్నెండు సెంటీమీటర్ల తేడా అంటే ఎనిమిది శాతం. ముందువైపు ఖాళీ తప్ప మిగతా వైపుల్లో పది శాతం లోపు తేడా ఉంటే జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే వీలు ఆ నియమాల్లో ఉంది, ఎత్తైన టవర్లకు తప్ప. అదే పదిహేడు సెంటీమీటర్లయితే పది దాటిపోతుంది, అప్పుడు గోడ సంగతే చూడాలి.

జరిమానా లెక్క అతిక్రమించిన వైశాల్యానికి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువ. గోడ పొడవు పన్నెండు మీటర్లు, మూడు అంతస్తులు. గుణిస్తే 4.32 చదరపు మీటర్లు, అంటే దాదాపు అయిదు గజాలు. గజం ఇరవై వేలనుకుంటే లక్ష పైమాటే. టైల్స్ అంటించిన మేస్త్రీకి ఈ లెక్క తెలిసుంటే బాగుండేది!

అందుకే నేనైతే అర్జీలో ఇలా రాయమంటాను: “తూర్పువైపు ఖాళీ 1.50 మీటర్లకు బదులు 1.38 మీటర్లు ఉన్నది. నియమాల ప్రకారం రుసుము చెల్లించుటకు సిద్ధము. తనిఖీ జరిపి సర్టిఫికెట్ మంజూరు చేయ ప్రార్థన.” కట్టినట్టు గీసిన ప్లాను, ఫొటోలు జతచేయాలి. పర్మిషన్ నాడు పది శాతం కట్టడం మున్సిపాలిటీకి హామీగా రాసిచ్చి ఉంటే, దాన్ని విడిపించమని కూడా ఇందులోనే అడగాలి. ఇది చాలామంది మరిచిపోతారు, అమ్మకం నాడు మళ్లీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

రసీదు తేదీ జాగ్రత్త చేసుకోండి. ఇవ్వడమో, కారణం చూపి తిరస్కరించడమో తేల్చడానికి నియమాల్లో ఉన్న గడువు 15 రోజులు.