ఎక్స్‌పైరీ రోజు ఏం మిగులుతుంది? షేర్లున్నవారికి పుట్, కాల్ లెక్క

డీమ్యాట్ ఖాతాలో కొన్నాళ్లుగా షేర్లు ఉంచుకున్నవారికి ఈమధ్య ఒక సలహా తరచూ వినిపిస్తోంది. 'షేర్లు ఊరికే ఎందుకు ఉంచుతారు, వాటి మీద కాల్ అమ్మండి, నెలనెలా ప్రీమియం వస్తుంది, రిస్క్ కూడా తగ్గుతుంది' అంటారు. ప్రీమియం వస్తుందన్న మాట నిజమే. రిస్క్ ఎంత తగ్గుతుందో మాత్రం ఆ చెప్పేవారు అంకెల్లో చూపించరు. కాగితం మీద రెండు పట్టికలు గీస్తే ఆ సంగతి తేలిపోతుంది. ఒకటి షేర్లు ఉంచుకుని పుట్ కొన్నవారిది, అంటే ప్రొటెక్టివ్ పుట్. రెండోది షేర్లు ఉంచుకుని కాల్ అమ్మినవారిది, అంటే కవర్డ్ కాల్.

లెక్క సులువుగా ఉండేందుకు ఒక షేరును ఊహించుకుందాం. ఇవాళ దాని ధర 1,000 రూపాయలు. మీ దగ్గర 500 షేర్లు ఉన్నాయి, అంటే విలువ 5 లక్షలు. ఆ షేరు మీద ఒక ఆప్షన్ లాట్ కూడా 500 షేర్లే. నెల తర్వాత ఎక్స్‌పైరీ. షేర్లను మీరు ఎప్పుడో 600కి కొని ఉండొచ్చు, 1,300కి కొని ఉండొచ్చు. ఈ లెక్కకు అదేమీ అవసరం లేదు. పుట్ కొనాలా, కాల్ అమ్మాలా అని ఇవాళ ఆలోచిస్తున్నారు కాబట్టి లాభనష్టాలను ఇవాళ్టి 1,000 నుంచే కొలవాలి. పాత కొనుగోలు ధరను ఇందులో కలిపితే, లాభంలో ఉన్నామన్న ధీమాతో ఇప్పుడు ఎదురుగా ఉన్న నష్టం కనిపించకుండా పోతుంది.

ముందు పుట్ సంగతి. 950 స్ట్రైక్ ఉన్న పుట్ కొంటే, ఎక్స్‌పైరీ రోజు మార్కెట్ ధర ఎంత పడినా షేరును 950కి అమ్మే హక్కు మీకు ఉంటుంది. ఆ హక్కుకు షేరుకు 20 రూపాయల ప్రీమియం అనుకుందాం. 500 షేర్లకు 10,000. ఈ డబ్బు ఇక తిరిగి రాదు.

| ఎక్స్‌పైరీ ధర | షేర్ల మీద | పుట్ విలువ | ప్రీమియం | నికరం |
|---|---|---|---|---|
| 800 | −1,00,000 | +75,000 | −10,000 | −35,000 |
| 900 | −50,000 | +25,000 | −10,000 | −35,000 |
| 950 | −25,000 | 0 | −10,000 | −35,000 |
| 1,000 | 0 | 0 | −10,000 | −10,000 |
| 1,020 | +10,000 | 0 | −10,000 | 0 |
| 1,100 | +50,000 | 0 | −10,000 | +40,000 |
| 1,200 | +1,00,000 | 0 | −10,000 | +90,000 |

చివరి గడిని పైనుంచి కిందికి చదవండి. ధర 950 అయినా, 800 అయినా, ఇంకా కిందికి జారినా నష్టం 35,000 దగ్గరే ఆగిపోయింది. స్ట్రైక్ వరకు షేరుకు 50 రూపాయలు, దానికి ప్రీమియం 20 కలిపి 70 రూపాయలు. 500తో గుణిస్తే 35,000. పైవైపు హద్దు లేదు. కాకపోతే ధర 1,020 దాటితేగాని లాభం మొదలవదు.

ఈ రక్షణ ఖరీదైనది. నెలకు 10,000 అంటే 5 లక్షల మీద 2 శాతం. ఇదే ప్రీమియం చొప్పున ఏడాది పొడవునా ప్రతి నెలా పుట్ కొన్నారనుకోండి. షేరు ఎటూ కదలకపోతే 1,20,000 పోతుంది, అంటే 24 శాతం. దీర్ఘకాలం ఉంచుకునే షేరుకు అంత ఇవ్వడం దండగ అని నా అభిప్రాయం. షేర్లను అమ్మడానికి ఏదో కారణం అడ్డుపడి, దగ్గర్లో ఒక కోర్టు తీర్పో, ఫలితాలో ఉన్నప్పుడు పుట్ కొనడంలో అర్థం ఉంది. అయితే అలాంటి తేదీ వస్తోందని మార్కెట్‌కూ తెలుసు కాబట్టి ప్రీమియం ముందే పెరిగి కూర్చుంటుంది.

ఇప్పుడు కాల్. 1,050 స్ట్రైక్ కాల్‌ను షేరుకు 22 రూపాయలకు అమ్మారనుకుందాం. 11,000 చేతికొచ్చింది. బదులుగా, ఎక్స్‌పైరీ రోజు ధర 1,050 దాటితే మీ షేర్లను 1,050కే ఇచ్చేస్తానని ఒప్పుకున్నారు.

| ఎక్స్‌పైరీ ధర | షేర్ల మీద | అమ్మిన కాల్ మీద | ప్రీమియం | నికరం |
|---|---|---|---|---|
| 800 | −1,00,000 | 0 | +11,000 | −89,000 |
| 900 | −50,000 | 0 | +11,000 | −39,000 |
| 978 | −11,000 | 0 | +11,000 | 0 |
| 1,000 | 0 | 0 | +11,000 | +11,000 |
| 1,050 | +25,000 | 0 | +11,000 | +36,000 |
| 1,100 | +50,000 | −25,000 | +11,000 | +36,000 |
| 1,200 | +1,00,000 | −75,000 | +11,000 | +36,000 |

నెలంతా ధర 1,000 దగ్గరే తచ్చాడితే కాల్ అమ్మినవారికి 11,000 మిగులుతుంది, పుట్ కొన్నవారికి 10,000 పోతుంది. చాలా నెలలు ఇలాగే గడుస్తాయి. అందుకే కాల్ అమ్మకం అందరికీ బాగా నచ్చుతుంది. లాభం 36,000 దగ్గర ఆగిపోతుందన్నది కూడా అందరికీ తెలుసు. ధర 1,072 దాటితే కాల్ అమ్మకుండా ఊరికే ఉన్నవారే మీకన్నా మెరుగ్గా ఉంటారు. నేను చూడమనేది మాత్రం మొదటి వరుస. షేరు 800కి పడితే ఏమీ చేయనివారికి లక్ష నష్టం, కాల్ అమ్మినవారికి 89,000. అందిన రక్షణ 11,000 రూపాయలే. ధర ఎంత లోతుకు పడినా ఆ అంకె పెరగదు.

ఒక్క నెలలో 20 శాతం పడటం ఎక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది. హైదరాబాద్‌వారికి 2009 జనవరి 7 గుర్తుండే ఉంటుంది. సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో లెక్కలు తారుమారు చేశామని ఆ ఉదయం రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. అంతకుముందు ట్రేడింగ్ రోజు దాదాపు 179 రూపాయలు ఉన్న షేరు ఆ రోజు ముగిసేసరికి 40 దగ్గర నిలిచింది. షేరుకు 139 రూపాయలు పోయాయి. ఆప్షన్ ధరలను ఊహించి చూద్దాం. కాల్ అమ్మి 10 రూపాయలు తీసుకున్నవారికి 129 పోయి ఉండేది. 160 స్ట్రైక్ పుట్‌ను 10 రూపాయలకు కొని ఎక్స్‌పైరీ దాకా ఉంచుకున్నవారికి, ధర అక్కడే నిలిచినా, ఇంకా పడినా, 29 రూపాయలే పోయి ఉండేది. మధ్యలో అమ్ముకుని బయటపడదామనుకున్నా, అలాంటి రోజున ఆ అవకాశం ఉండదు. ధర మెట్టుమెట్టుగా దిగదు, ఒక్కసారిగా కిందకు దూకుతుంది. స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికి కూడా దూకిన తర్వాతి ధరే దొరుకుతుంది. పుట్‌కు ఆ ఇబ్బంది లేదు.

కవర్డ్ కాల్ పట్టికను ఇంకో రకంగానూ చదవొచ్చు. మీ దగ్గర షేర్లు ఏమీ లేవనుకోండి. 1,050 స్ట్రైక్ పుట్‌ను 72 రూపాయలకు అమ్మారనుకోండి. వచ్చేది 36,000. ఎక్స్‌పైరీలో ధర 1,050 పైన ఉంటే ఆ 36,000 మీదే. 800 ఉంటే షేరుకు 250 చొప్పున 1,25,000 కట్టాలి. అందులో 36,000 తీసేస్తే నష్టం 89,000. పట్టికలో ప్రతి వరుసా ఇలాగే సరిపోతుంది. ఒకే స్ట్రైక్, ఒకే గడువు ఉన్న కాల్, పుట్ ధరలను షేరు ధర కట్టిపడేసి ఉంచుతుంది. నెల రోజుల వడ్డీని పక్కన పెడితే 1,050 పుట్ ధర 72 దగ్గరే ఉండాలి. అంటే కవర్డ్ కాల్ చేయడం, అదే స్ట్రైక్ పుట్ అమ్మడం ఎక్స్‌పైరీ రోజున ఒక్కటే. పుట్ అమ్మడమంటే భయపడేవారు కూడా కాల్ అమ్మడాన్ని జాగ్రత్తపరుల పద్ధతి అనుకుంటారు. మొదటి పట్టికదీ ఇదే కథ. షేర్లతో పాటు 950 పుట్ ఉంచుకోవడం, 950 కాల్‌ను 70 రూపాయలకు కొనడంతో సమానం. గరిష్ఠ నష్టం అక్కడా 35,000 కావడం యాదృచ్ఛికం కాదు.

ఈ అంకెలన్నీ ఎక్స్‌పైరీ రోజుకే వర్తిస్తాయి. నెల మధ్యలో ధర 950కి పడినా, ఇంకా రోజులు మిగిలి ఉన్నాయి కాబట్టి మీ పుట్‌కు సున్నా కన్నా ఎక్కువే విలువ ఉంటుంది. ధర పెరిగితే మీరు అమ్మిన కాల్ పట్టికలో చూపినదానికన్నా ఎక్కువ నష్టం చూపిస్తుంది, మార్జిన్ కూడా ఎక్కువ అడుగుతారు. అయితే ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ఆప్షన్లు 2011 నుంచి యూరోపియన్ తరహావి. అంటే హక్కును గడువు రోజునే వాడుకోవాలి. కాబట్టి మధ్యలో ఎవరూ వచ్చి మీ షేర్లు పట్టుకుపోలేరు. బ్రోకరేజి, ఎస్‌టీటీ, జీఎస్టీ ఈ పట్టికల్లో లేవు, అవి వేరుగా పోతాయి.

పట్టికలో అంకె సరిగ్గా ఉన్నా, ఖాతాలో జరిగేది వేరుగా కనిపించే చోటు ఒకటుంది. 2019 అక్టోబర్ నుంచి మన దేశంలో షేర్ల ఆప్షన్లన్నీ అసలు షేర్ల డెలివరీతోనే తీరుతున్నాయి. ఎక్స్‌పైరీ ధర 900 అయి మీ 950 పుట్ అలాగే ఉండిపోతే, 25,000 ఖాతాలో పడదు. మీ 500 షేర్లు వెళ్లిపోయి 4,75,000 వస్తుంది. నికరం అదే, కానీ షేర్లు ఇక మీవి కావు. వాటిని ఉంచుకోవాలంటే ఆ రోజు మార్కెట్ మూసేలోగా పుట్‌ను అమ్మేయాలి. అప్పటికి అలాంటి పుట్‌లకు కొనేవారు పలచబడతారు. 50 రూపాయల విలువైనదానికి 47కే బిడ్ కనిపించడం మామూలే, అక్కడ 1,500 పోతుంది. కాల్ అమ్మినవారికి ధర 1,050 దాటితే షేర్లు ఇవ్వాలి. మార్జిన్ కోసం అవే షేర్లను తాకట్టు పెట్టి ఉంటే, వాటిని డెలివరీకి ఎప్పటిలోగా విడిపించాలో బ్రోకర్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది లాట్ సైజు దగ్గర. దగ్గర 300 షేర్లే ఉన్నా 500ల లాట్ కాల్ అమ్మేస్తారు. మిగతా 200కు వెనక షేర్లు లేవు, అవి కవర్డ్ కావు. అదే 1,050 కాల్, అదే 22 ప్రీమియంతో వారి పట్టిక ఇలా ఉంటుంది.

| ఎక్స్‌పైరీ ధర | 300 షేర్ల మీద | 500ల కాల్ మీద | ప్రీమియం | నికరం |
|---|---|---|---|---|
| 1,050 | +15,000 | 0 | +11,000 | +26,000 |
| 1,180 | +54,000 | −65,000 | +11,000 | 0 |
| 1,300 | +90,000 | −1,25,000 | +11,000 | −24,000 |

షేరు 30 శాతం పెరిగిన నెలలో, ఆ షేరును చేతిలో ఉంచుకుని కూడా వీరు 24,000 నష్టపోయారు. పైగా ఎక్స్‌పైరీ రోజు లేని 200 షేర్లను ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వాటిని వేలంలో కొని ఇస్తారు, ఆ ధర ఎంతైనా వీరే భరించాలి. లాట్ సైజును ఎక్స్ఛేంజీ అప్పుడప్పుడు మారుస్తుంటుంది. అందుకే ప్రతి నెలా కాల్ అమ్మే ముందు కాంట్రాక్టులో ఆ అంకెను, డీమ్యాట్‌లో ఉన్న షేర్ల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.