రాని పేషెంటుకు రాసే ఉత్తరం

షుగర్ చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరు ఉన్నట్టుండి రావడం మానేస్తారు. కూలి పోతుందనో, బస్సు లేదనో మానేవాళ్లు కొందరైతే, తిట్లకు భయపడి మానేవాళ్లు మరికొందరు. పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం తగ్గించి పరగడుపు షుగర్ తగ్గించుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర ఆ ఉపాయం పారదు. అది రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది. మందులు మానేసిన మనిషికి ఆ అంకె చూపించడమంటే తప్పు ఒప్పుకోవడమే అనిపిస్తుంది.

అలాంటప్పుడు 'ఇప్పటికి మూడుసార్లు రాలేదు, ఇలాగైతే కిడ్నీలు పోతాయి' అని రాస్తే ఉన్న భయం రెట్టింపవుతుంది. కుట్టు పని చేసుకునే యాభై ఏళ్ల ఆవిడకు రాస్తున్నామనుకుందాం:

'నమస్తే అమ్మా. ఈమధ్య మీరు కనబడలేదు, ఎలా ఉన్నారో కనుక్కుందామని రాస్తున్నాను. మందులు మధ్యలో ఆగిపోయినా ఫర్వాలేదు, రండి. ఎక్కడ ఆగిందో అక్కడినుంచే చూద్దాం. పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ చేసే రండి. చీటీ పోయినా ఇబ్బంది లేదు, ఇంట్లో మిగిలిన మాత్రలు సంచీలో వేసుకుని తెండి. ఇన్సులిన్ ఆపేసి ఉంటే పాత మోతాదు మీరే మొదలుపెట్టకండి, ఈరోజే ఫోన్ చేయండి. కాలికి పుండు పడినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా, వాంతులు ఆగకపోయినా తేదీ కోసం చూడకుండా వచ్చేయండి.'

టిఫిన్ మాట ఊరికే రాయలేదు. హెచ్‌బీఏ1సీ తిన్నాక కూడా చేయొచ్చు. పరగడుపున బస్సెక్కి, క్యూలో నిలబడే బాధ ఒకటి తప్పుతుంది. రక్తహీనత ఉంటే మాత్రం ఆ అంకె దారి తప్పించవచ్చు కాబట్టి మామూలు షుగర్ కూడా చూస్తారు. మిగిలిన మాత్రలు తెమ్మనడం లెక్క అడగడానికి కాదు. ఏది వాడారో, ఏది పడలేదో ఆ సంచీయే చెబుతుంది. మెట్‌ఫార్మిన్‌తో కడుపు తిప్పి మానేసినవాళ్లు చాలామందే ఉంటారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి భోజనంతో ఇస్తే చాలామందికి సర్దుకుంటుంది.

పాత మోతాదు వద్దనడానికీ కారణముంది. ఈలోగా బరువు తగ్గి ఉండొచ్చు, తిండి మారి ఉండొచ్చు, కిడ్నీ పనితీరు మందగించి ఉండొచ్చు. అప్పుడు అదే ఇన్సులిన్ షుగర్‌ను ఒక్కసారిగా పడగొట్టి, చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా తీసుకెళ్లవచ్చు.

ఉత్తరాన్ని కవరులోనే పంపాలి. కార్డు మీద రాస్తే జబ్బు సంగతి వీధంతా తెలుస్తుంది. కవరు పైన కూడా షుగర్ క్లినిక్ అని అచ్చు వేయకపోవడమే మంచిది. జవాబు రాకపోతే వారం ఆగి ఫోన్ చేయాలి. 'ఎందుకు రాలేదు' అనకుండా 'ఏ రోజైతే మీ పనికి అడ్డం రాదు?' అని అడిగితే, పెళ్లిళ్ల సీజన్‌లో కుట్టు మిషన్ వదిలి రాలేనని ఆవిడ చెప్పొచ్చు. అప్పుడు తేదీ మార్చాల్సింది క్లినిక్కే.