ముహూర్తం సీనుకు ఒకే రంగు

పెళ్లి వీడియోలో ముహూర్తం సీను పది నిమిషాలే ఉంటుంది. కానీ ఎడిటర్ టైమ్‌లైన్ మీద అది వందకు పైగా ముక్కలు. జీలకర్ర బెల్లం, తెర తీయడం, మంగళసూత్రం, తలంబ్రాలు, మధ్యలో అమ్మ కళ్లనీళ్లు, బాజాల వాళ్లు, ఫోన్లు పైకెత్తిన బంధువులు. రెండు కెమెరాలు తీసినవి ఒకదాని పక్కన ఒకటి వస్తుంటాయి. అన్నీ అయ్యాక పెళ్లికూతురి అన్నయ్య వచ్చి చూసి, “బాగుంది బ్రదర్, కానీ ఆ బంగారు రంగు కొంచెం ఎక్కువైనట్టుంది, తగ్గిస్తారా?” అంటాడు. ప్రతి ముక్కకీ విడివిడిగా రంగు వేసిన ఎడిటర్‌కు ఆ రాత్రి నిద్ర ఉండదు. పద్ధతి తెలిసిన ఎడిటర్ ఒక్క అంకె మార్చి అక్కడికక్కడే చూపిస్తాడు.

ఆ పద్ధతి పేరు అడ్జస్ట్‌మెంట్ లేయర్. దానికి తోడుగా నెస్టింగ్ ఉంది. రెండూ చాలా క్లిప్పుల మీద ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి కొత్తవాళ్లు ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. నిజానికి వాటి పనులు వేరు. మన దగ్గర ఎక్కువమంది వాడే ప్రీమియర్ ప్రోలోనే ఈ సీనును చూద్దాం. డావిన్చి రిజాల్వ్‌లో వీటినే అడ్జస్ట్‌మెంట్ క్లిప్, కాంపౌండ్ క్లిప్ అంటారు.

అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో సొంత బొమ్మ ఏదీ ఉండదు. టైమ్‌లైన్‌లో దాన్ని పై ట్రాకులో పరిస్తే, దానికి ఇచ్చిన ఎఫెక్టు కింద ట్రాకుల్లో ఉన్న ప్రతిదాని మీదా పడుతుంది. ఎర్ర షామియానా కింద కూర్చున్న వాళ్లందరి ముఖాలకూ ఆ ఎరుపు అంటినట్టే ఇదీ. ప్రీమియర్‌లోకి ఇది 2012లో సీఎస్6తో వచ్చింది. ప్రాజెక్ట్ ప్యానెల్ మీద ఒకసారి క్లిక్ చేసి File > New > Adjustment Layer అంటే, సీక్వెన్స్ కొలతలతోనే ఒక పెట్టె వస్తుంది. ఓకే చేసి, వచ్చిన లేయర్‌ను క్లిప్పుల పై ట్రాకులోకి లాగి, సీను మొదటి నుంచి చివరి వరకూ సాగదీయాలి. దాని మీద Lumetri Color వేసి రంగు దిద్దితే సీనంతా మారుతుంది. అన్నయ్య గారు ఎక్కువైందంటే లేయర్ ఒపాసిటీని 100 నుంచి 65కు తగ్గిస్తే సరి. రంగు ఉంటుంది, ఘాటు తగ్గుతుంది.

అయితే లేయర్ పరిచే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలా పెళ్లి వీడియోలు చెడేది ఆ పని వదిలేయడం వల్లే. లేయర్‌కు కింద ఏ క్లిప్పు ఉందో తెలియదు, అన్నిటికీ ఒకే లెక్క వేస్తుంది. రెండు కెమెరాల మధ్య ముందే తేడా ఉంటే ఆ తేడా అలాగే మిగులుతుంది, చాలాసార్లు పెరుగుతుంది కూడా. ఉదాహరణకు పెళ్లికొడుకు నుదురు మొదటి కెమెరా క్లిప్పులో వెలుతురు కొలతలో 60 దగ్గర, రెండోదాంట్లో 54 దగ్గర ఉందనుకోండి. లేయర్‌లో కాంట్రాస్ట్ పెంచామంటే మధ్య వెలుగులను ఒకదానికొకటి దూరంగా జరిపినట్టే. ఆరు ఉన్న తేడా ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. ముందు కంటికి ఆనని తేడా ఇప్పుడు కట్ పడిన ప్రతిచోటా ముఖం మీద దీపం ఆర్పి వెలిగించినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు లేయర్‌ను సరిచేస్తూ కూర్చుంటే లాభం లేదు, తప్పు కింద ఉంది.

కాబట్టి ముందు క్లిప్పులను సమం చేయాలి. అందుకు మన పెళ్లిలోనే మంచి ఆధారం ఉంది, మధుపర్కాలు. తెల్లటి నూలు బట్ట, ఎర్రటి అంచు. ముహూర్తం సీను దాదాపు అంతటా ఫ్రేములో ఉంటాయి. తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా ఉండటమే. లుమెట్రీ స్కోప్స్‌లో ఆర్జీబీ పెరేడ్ తెరిచి, మధుపర్కం మడత బాగా కనిపించే ఫ్రేము దగ్గర ఆగాలి. బట్టకు పసుపు రాస్తారు కాబట్టి పసుపు తగలని మడతనే చూసుకోవాలి. మొదటి కెమెరాను 5600 కెల్విన్ దగ్గర కట్టేసి, మండపం పసుపు బల్బుల కింద తీశారనుకుందాం. అందులో ఆ మడత దగ్గర ఎరుపు ఎత్తుగా, నీలం పల్లంగా ఉంటుంది. గింబల్ మీది రెండో కెమెరాను ఆటోలో వదిలేశారు. అది పసుపును తనంతట తానే తగ్గించుకుని నీలం వైపు జారి ఉంటుంది. మొదటిదానికి టెంపరేచర్ స్లైడర్‌ను నీలం వైపు, రెండోదానికి పసుపు వైపు జరుపుతూ, మడత దగ్గర మూడు పట్టీలూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చేలా చేయాలి. తర్వాత ఎక్స్‌పోజర్‌తో ముఖాల వెలుతురు కలపాలి. ఒకే కెమెరా, ఒకే వెలుతురు అయితే ఒక క్లిప్పుకు చేసిన సవరణ కాపీ చేసి మిగతావాటికి పేస్ట్ అట్రిబ్యూట్స్‌తో అంటించేయొచ్చు. ఆటోలో తీసిన కెమెరాకు మాత్రం ఆ సుఖం లేదు. కెమెరా తిరిగినప్పుడల్లా రంగు జారుతుంది కనుక దాని క్లిప్పులు ఒక్కొక్కటీ చూడాల్సిందే.

ఇప్పుడు లేయర్ పరిచి లుక్ వేయొచ్చు. బయట దొరికే సినిమా లుక్కులు చాలావరకు నీడలను నీలిపచ్చ వైపు, చర్మాన్ని నారింజ వైపు తోస్తాయి. మన ముహూర్తం ఫ్రేము నిండా పసుపూ కుంకుమా తలంబ్రాలే. పసుపు నారింజగా, ఎర్ర అంచు గీతలు కనిపించని ముద్దగా మారిందేమో చూసుకోవాలి. మారితే క్రియేటివ్ విభాగంలో ఇంటెన్సిటీ తగ్గించాలి. పసుపు పసుపులా కనిపించకపోతే, ఎంత ఖరీదైన లుక్ అయినా ఆ సీనుకు పనికిరాదనే నా అభిప్రాయం.

సినిమా మొత్తానికి ఒకే లేయర్ పరచకండి. పొద్దున ఎండలో మంగళస్నానాలు, రాత్రి ముహూర్తం, ఎల్‌ఈడీ వెలుగుల్లో రిసెప్షన్ ఒకే లెక్కకు లొంగవు. సీనుకో లేయర్ చాలు. టైమ్‌లైన్‌లో లేయర్‌ను కాపీ చేస్తే ఆ కాపీకి తన ఎఫెక్టులు తనవే, ఒకటి మారిస్తే రెండోది మారదు. పేర్లు, తేదీల టైటిల్స్ లేయర్‌కు పై ట్రాకులో ఉండాలి. కింద ఉంటే తెల్ల అక్షరాలు కూడా రంగు పులుముకుంటాయి.

లేయర్ వాడేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటి చెప్పాలి. అంతా అయ్యాక తాతయ్య అక్షింతలు వేసే షాట్ మర్చిపోయామని తెలుస్తుంది. దాన్ని మధ్యలో ఇన్సర్ట్ చేస్తారు. సింక్ లాక్ ఉన్న ట్రాకులన్నీ ఆ చోట తెగి పక్కకు జరుగుతాయి, లేయర్ కూడా రెండు ముక్కలై మధ్యలో ఖాళీ వస్తుంది. ఫలితంగా తాతయ్య ఒక్కరే లుక్ లేకుండా పాలిపోయి కనిపిస్తారు. సింక్ లాక్ తీసేస్తే వేరే చిక్కు, కింద క్లిప్పులు జరిగి లేయర్ ఉన్నచోటే ఉండిపోతుంది, సీను చివర కొన్ని ఫ్రేములు బయటపడతాయి. ఎక్స్‌పోర్ట్‌కు ముందు టైమ్‌లైన్‌ను పూర్తిగా కుదించి పైనున్న లేయర్ పట్టీ ఎక్కడైనా తెగిందా అని చూస్తే ఇది దొరికిపోతుంది. ఎడిటింగ్ వేగంగా సాగాలని లేయర్ ట్రాకు కన్ను గుర్తు ఆపేసి ఉంటే, అదీ తిరిగి వెలిగించుకోవాలి.

ఇక నెస్టింగ్. కొన్ని క్లిప్పులు ఎంచుకుని రైట్ క్లిక్ చేసి Nest అంటే అవన్నీ వేరే సీక్వెన్స్‌లోకి వెళ్లి, వాటి స్థానంలో ఒకే క్లిప్ మిగులుతుంది. డబుల్ క్లిక్ చేస్తే లోపలివి ఎప్పటిలాగే తెరుచుకుంటాయి, అక్కడి మార్పు బయట కనిపిస్తుంది. ఇది తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. స్లో మోషన్ చేసిన తలంబ్రాల షాట్ చేతి వణుకుతో ఉందని Warp Stabilizer వేస్తే, వేగం మార్చిన క్లిప్పు మీద అది పనిచేయదని ప్రీమియర్ చెప్పేస్తుంది. ఆ క్లిప్పును నెస్ట్ చేసి, ఆ నెస్ట్ మీద స్టెబిలైజర్ వేస్తే ఒప్పుకుంటుంది. ఎందుకంటే దానికి అప్పుడు వేగం మార్పు కనిపించదు, పూర్తయిన బొమ్మే అందుతుంది. అలాగని నాలుగు షాట్లు కలిపి నెస్ట్ చేసి స్టెబిలైజ్ చేయకూడదు. కట్‌ను కూడా అది కెమెరా కుదుపు అనుకుని సర్దబోతుంది, కట్ల దగ్గర బొమ్మ ఎగిరిపడుతుంది.

నెస్ట్‌ను కాపీ చేస్తే లేయర్‌లా ఉండదు. కాపీలన్నీ ఒకే సీక్వెన్స్‌ను చూపిస్తాయి. టీజర్ కోసమని ఒక కాపీ లోపలికి వెళ్లి రెండు షాట్లు తీసేస్తే, అసలు సినిమాలోనూ అవి మాయమవుతాయి. వేరే రూపం కావాలంటే ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఆ సీక్వెన్స్‌నే డూప్లికేట్ చేసి వాడాలి. లోపల నిడివి పెంచినా బయటి క్లిప్ తనంతట తాను పొడవవదు, అంచు లాగాల్సింది మనమే.

రెండూ కలిసి పనికొచ్చేది అదే సీను రీల్‌గా కూడా కావాలన్నప్పుడు. ముహూర్తం సీక్వెన్స్‌లో కట్లు, సమం చేసిన రంగు, లుక్ లేయర్ మాత్రమే ఉంచండి. అంచులు నల్లబరిచే విన్యెట్ అందులో పెట్టొద్దు. క్లిప్పుల మీద విడిగా అసలే వద్దు. ప్రీమియర్‌లో క్లిప్పుకు వేసిన ఎఫెక్టులు ముందు, Motion తర్వాత లెక్కకు వస్తాయి. షాట్‌ను 130 శాతానికి పెంచి దగ్గరకు తెస్తే, దానిమీది నల్లటి అంచులు కూడా పెరిగి ఫ్రేము బయటికి పోతాయి. కాబట్టి అడ్డం వీడియో కోసం ఒక సీక్వెన్స్, నిలువు రీల్ కోసం 1080 అడ్డం, 1920 ఎత్తుతో ఇంకొకటి తెరిచి, ముహూర్తం సీక్వెన్స్‌ను రెండింటిలోనూ నెస్ట్‌గా వేయండి. అడ్డందాని పైన మాత్రం విన్యెట్ కోసం ఇంకో అడ్జస్ట్‌మెంట్ లేయర్ పరచండి. నిలువుదానిలో అది ఉండదు, ఉంటే పక్కల నలుపు కోతలో పోయి, పైనా కిందా మాత్రమే మిగులుతుంది.

ముహూర్తం సీక్వెన్స్ కొలత కూడా ముందే ఆలోచించుకోవాలి. నెస్ట్ తన సీక్వెన్స్ కొలతలోనే బొమ్మను బయటికి ఇస్తుంది. లోపలి క్లిప్పులు 4కే అయినా సీక్వెన్స్ ఎత్తు 1080 అయితే, రీల్ ఎత్తు 1920 నిండాలంటే దాన్ని దాదాపు 178 శాతానికి సాగదీయాలి. ముఖాలు మెత్తబడి మసకగా వస్తాయి. అదే సీక్వెన్స్ 3840 బై 2160లో ఉంటే 89 శాతం చాలు, కొంచెం కుదించడమే అవుతుంది. అప్పుడు అన్నయ్య గారు ఇంకోసారి రంగు తగ్గించమన్నా, లోపలి లేయర్ ఒపాసిటీ మారిస్తే సినిమా, రీల్ రెండూ కలిసే మారతాయి.