నమస్తే తర్వాతి ఒక్క వాక్యం

మా బాబాయిగారి అబ్బాయి జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్ నడుపుతాడు. మందుల కంపెనీలు సీసాలూ స్ట్రిప్పులూ సర్ది లారీకెక్కించే పెద్ద పెట్టెలు చేస్తారక్కడ. తమ్ముడు మంచి మాటకారి. ఇంట్లో పెళ్లయితే పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని నవ్విస్తాడు. అలాంటివాడు హైటెక్స్‌లో జరిగిన ఒక ఫార్మా ప్రదర్శనకు వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి, అరవై విజిటింగ్ కార్డులు పంచి, నీరసంగా ఇంటికొచ్చాడు. "అక్కా, వాళ్లు మాట్లాడే మనుషులు కాదు. నమస్తే అంటే నమస్తే అంటారు, వెంటనే ఫోన్ చూసుకుంటారు" అన్నాడు.

ఏమని పరిచయం చేసుకున్నావురా అని అడిగాను. "నమస్తే సార్, నేను ఫలానా ప్యాకేజింగ్ ఇండస్ట్రీస్ మేనేజింగ్ పార్టనర్‌ని. ప్యాకేజింగ్ సొల్యూషన్స్ ఇస్తాం" అని అప్పజెప్పాడు. ఆ వాక్యం విన్న మనిషి ఫోన్ చూసుకోక ఏం చేస్తాడు?

సదస్సులు ఏర్పాటు చేసే పనిలో నేను 12 ఏళ్లు ఉన్నాను. రిజిస్ట్రేషన్ బల్ల వెనక నిలబడితే హాలంతా కనిపిస్తుంది. కొత్తవాళ్లను కలవాలనే అందరూ వస్తారు. వచ్చాక తెలిసిన ముఖం వెతుక్కుని, దొరకగానే అతుక్కుపోతారు. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో కొలంబియా బిజినెస్ స్కూల్‌కు చెందిన పాల్ ఇంగ్రామ్, మైఖేల్ మోరిస్ అనే పరిశోధకులు దాదాపు వందమంది వ్యాపారరంగం వాళ్లు హాజరైన ఒక విందులో, ఎవరు ఎవరితో ఎంతసేపు గడిపారో ఒంటిమీద తగిలించిన ఎలక్ట్రానిక్ బిళ్లలతో లెక్కగట్టారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. కొత్త పరిచయాల కోసమే వచ్చామని చెప్పినవాళ్లు కూడా దాదాపు సగం సమయం ముందే తెలిసినవాళ్లతోనే గడిపారు. కాబట్టి కాళ్లు పాత స్నేహితుడి వైపు లాగుతుంటే అది మీ ఒక్కరి బెరుకు అనుకోకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు ముఖాల్లో కన్నా పాదాల్లో బాగా దొరుకుతుంది. ఇద్దరు ఎదురెదురుగా, పాదాలు ఒకరివైపు ఒకరు తిప్పుకుని నిలబడ్డారంటే తలుపు మూసి ఉన్నట్టే. వాళ్లు బేరమో బాధో మాట్లాడుకుంటున్నారు, వదిలేయాలి. అదే ఇద్దరు కాస్త పక్కకు తిరిగి, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడితే మూడో మనిషికి చోటున్నట్టు. ముగ్గురో నలుగురో గుండ్రంగా నిలబడ్డప్పుడు కూడా ఎక్కడో ఒకచోట వలయం విడిపోయి ఉంటుంది, వెళ్లేవాళ్లు అక్కడి నుంచే వెళ్లాలి. అన్నిటికన్నా సులువు ఒంటరిగా ఉన్న మనిషి. టీ కౌంటర్ దగ్గర కాదు, టీ తీసుకుని రెండడుగులు ఇవతలికి వచ్చి ఎటు వెళ్లాలా అని చూస్తున్న మనిషి. కౌంటర్ దగ్గర వరసలో ఉన్నప్పుడు అందరి ధ్యాసా గ్లాసు మీదే ఉంటుంది. రెండడుగులు ఇవతలికి రాగానే అదే మనిషి, ఎవరైనా పలకరిస్తే బాగుండుననుకుంటాడు.

దగ్గరికి వెళ్లడంలోనూ ఒక లయ ఉంది. ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పుట్టినరోజు వేడుకను ఫిల్ము తీసి, జనం ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో అంగుళం అంగుళం పరిశీలించి 1973లో ప్రచురించారు. దూరంనుంచి ఒకసారి చూపులు కలుస్తాయి, తల ఆడుతుంది. నడిచి వస్తున్నంతసేపూ చాలామంది చూపు పక్కకు తప్పిస్తారు. బాగా దగ్గరయ్యాక మళ్లీ కళ్లలోకి చూసి, నవ్వి, నోరు తెరుస్తారు. మన పెళ్లి మండపంలో రెండు నిమిషాలు నిలబడి చూసినా ఇదే కనిపిస్తుంది. భయంతో ఉన్నవాళ్లు ఈ లయ తప్పుతారు. పక్కనుంచో వెనకనుంచో హఠాత్తుగా ప్రత్యక్షమై గడగడా మాట మొదలుపెడతారు, లేదా పదడుగుల దూరం నుంచి రెప్పవేయకుండా చూస్తూ వస్తారు. రెండిటికీ అవతలి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ అడుగు కనబడిందంటే మీరు కూడా ఒక అడుగు వెనక్కి వేసి అప్పుడు పలకరించండి.

పలకరింపుకు నా ఓటు నమస్తేకే. హైదరాబాద్ హాల్లో ఎదుటివాళ్లు తెలుగువాళ్లో, మార్వాడీలో, తమిళులో తెలియదు. నమస్తే అందరికీ సరిపోతుంది, వాళ్లు ఏ భాషలో బదులిస్తే మనం ఆ భాషలోకి మళ్లొచ్చు. ఆడవాళ్లకు మగవాళ్లు ముందుగా చెయ్యి చాచకపోవడమే మర్యాద. ఆవిడ చెయ్యి చాస్తే కలపండి. ఒక చేతిలో సమోసా ప్లేటు, ఇంకో చేతిలో టీ గ్లాసు ఉన్న మనిషికి చెయ్యి ఇవ్వబోతే పాపం ఆయన దేన్ని ఎక్కడ పెట్టాలో తెలియక సతమతమవుతాడు. అప్పుడు తల వంచి నవ్వితే చాలు.

ఇక ఆ ఒక్క వాక్యం. తమ్ముడి వాక్యంలో తప్పేమిటంటే, అందులో పట్టుకోవడానికి పిడి లేదు. "మేనేజింగ్ పార్టనర్" అంటే హోదా తెలుస్తుంది కానీ పని తెలియదు. "ప్యాకేజింగ్ సొల్యూషన్స్" అంటే సీసా మూతా, ప్లాస్టిక్ సంచా, అట్టపెట్టా? విన్న మనిషికి తిరిగి అడగడానికి ప్రశ్న దొరకదు. "ఓ, మంచిదండీ" అంటాడు. ఆ మాటతో సంభాషణ అక్కడే కూలబడుతుంది. ఎవరైనా మీతో "ఓ, మంచిదండీ" అన్నారంటే మీ వాక్యం పనిచేయలేదని గుర్తు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. నీ పెట్టెలో ప్రత్యేకమైనదేమిటి అని అడిగితే, తెలియని టెక్నికల్ మాటలు పది చెప్పాడు. నీ దగ్గర కొనేవాళ్లు దేని గురించి తిట్టుకుంటారు అని అడిగాను. ఈసారి తడుముకోలేదు. "వానాకాలం అక్కా! గాలిలో తేమ పెరిగితే అట్ట మెత్తబడుతుంది. గోడౌన్‌లో పెట్టె మీద పెట్టె పేరిస్తే బరువంతా అడుగు పెట్టె మీద పడి అది నలుగుతుంది. నలిగిన పెట్టెను డిస్ట్రిబ్యూటర్ తీసుకోనంటాడు." ఇంకేం, వాక్యం దొరికేసింది. రెండుమూడుసార్లు కొట్టేసి రాసుకున్నాక ఇలా తేలింది: "నమస్తే అండీ, నా పేరు ప్రసాద్. మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేస్తాం, వానాకాలంలో కూడా అడుగు పెట్టె నలగకుండా."

ఇందులో పేరుంది, ఎవరికోసం పనిచేస్తాడో ఉంది, ఏం చేస్తాడో ఉంది, వాళ్ల తలనొప్పి ఒకటుంది. కంపెనీ పేరు లేదు. హోదా లేదు. అవి కార్డు మీద ఉంటాయి. బయటికి చదివితే ఏడెనిమిది సెకన్లు పడుతుంది, ఒక్క ఊపిరిలో అయిపోతుంది. నేను ఒప్పుకోని విషయం ఒక్కటే: కొందరు శిక్షకులు ఈ వాక్యంలోనే "మేం నంబర్ వన్" అనో "మీ ఖర్చు సగం చేస్తాం" అనో చేర్చమంటారు. ముప్పై సెకన్ల క్రితం కనిపించిన మనిషి అంత పెద్ద మాట అంటే ఎవరు నమ్ముతారు? మీ పని గురించి నిజంగా చెప్పగలిగినదే చెప్పండి. నలగదని ఒకసారి అన్నాక పెట్టె నలగకూడదు మరి.

పేరు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఇంటిపేరు, దేవుడి పేరు, తాతగారి పేరు కలిపి నాలుగు ముక్కలూ గబగబా చెప్పేస్తారు. అవతలివాళ్లకు ఏదీ నిలవదు. మిమ్మల్ని ఇంట్లోనో ఆఫీసులోనో పిలిచే పేరు ఒక్కటి చెప్పి, అక్కడ క్షణం ఆగండి.

వాళ్ల పేరు మనకు ఎందుకు గుర్తుండదో కూడా చెప్పాలి. 1973లో మాల్కం బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత ఒక్కో పదం బయటికి చదివించాడు. తర్వాత అడిగితే, తమ వంతుకు సరిగ్గా ముందు ఎదుటివాళ్లు చదివిన పదాలే ఎక్కువగా మరిచిపోయారు. మన వంతు వస్తోందంటే బుర్ర దానిమీదే ఉంటుంది, ముందువాళ్ల మాట చెవినపడ్డా లోపలికి పోదు. పరిచయంలో జరిగేదీ ఇదే. అవతలివాళ్లు పేరు చెబుతుంటే మనం మన వాక్యం కూర్చుకుంటుంటాం. అందుకే ఆ వాక్యాన్ని ఇంట్లోనే, గట్టిగా, పదిసార్లు అనుకుని వెళ్లమంటాను. బాగా మాట్లాడటానికి కాదు, వాళ్ల పేరు వినడానికి. విన్న వెంటనే ఒకసారి పలకండి: "రాధిక గారూ, మీరు క్వాలిటీ విభాగమా?"

మనకే ప్రత్యేకమైన ఇంకో చిక్కుంది. "మీది ఏ ఊరండీ?" చక్కటి ప్రశ్న, గోదావరి నుంచి పాలమూరు దాకా ఎంత మాటనైనా సాగదీస్తుంది. దాని వెనకాలే "మీ ఇంటిపేరు?" అని వచ్చిందంటే మాత్రం అడిగేది కులమని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. బాగా సాగుతున్న సంభాషణలు ఆ ఒక్క ప్రశ్నతో మూతపడటం కళ్లారా చూశాను. బిడియంతో వచ్చిన కుర్రాళ్లు దాని తర్వాత మళ్లీ ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఆ ప్రశ్న అడగొద్దు. మిమ్మల్ని అడిగితే, "అందరూ ప్రసాద్ అనే పిలుస్తారండీ" అని నవ్వి, వాళ్ల పని గురించి అడగండి.

ముగ్గురు నలుగురు మాట్లాడుకుంటున్న చోటికి వెళితే ఈ వాక్యం వెంటనే వాడకూడదు. వలయం విడిన చోట నిలబడి వినాలి. ఎవరో ఒకరు మీవైపు తిరుగుతారు, అప్పుడు పేరు మాత్రం చెప్పండి. ఏం చేస్తుంటారని అడిగాక మిగతాది చెప్పొచ్చు. రెండు మూడు నిమిషాల్లో ఎవరూ తిరగలేదంటే మంచినీళ్ల వంకతో పక్కకు వచ్చేయండి, ఆ మాటలు మీకు సంబంధించినవి కావు.

తమ్ముడు తర్వాతి నెలలో ఇంకో సమావేశానికి వెళ్లాడు. ఈసారి కార్డులు పదే తీసుకెళ్లాడు. మొదటి ఇద్దరి దగ్గరా నోరు తడబడింది. మూడో మనిషి యాభై దాటిన పెద్దాయన, టీ గ్లాసుతో గోడపక్కన ఒక్కరే నిలబడి ఉన్నారు. తమ్ముడు వాక్యం చెప్పాడు. ఆయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపారు.

"నలగదా? ఎన్ని పేరుస్తారేంటి?"

"మీరెన్ని పేరుస్తారో చెప్పండి సార్."

ఏడు పేరుస్తామని, కింది రెండు వరసలూ జూలై వచ్చేసరికి పోతాయని ఆయన చెప్పుకొచ్చారు. మధ్యలో తమ్ముడు తన యూనిట్ సంగతి ఎత్తలేదు, గోడౌన్ నేల మీద పలకలు వేస్తారా, గోడకు ఆనిస్తారా అని మాత్రం అడిగాడు. పది నిమిషాలయ్యాక ఆయనే ఫోన్ తీసి నంబరు అడిగారు. కార్డు తీయాల్సిన అవసరమే రాలేదు. ఆ రాత్రి తమ్ముడు పంపిన మెసేజ్ నాకు చూపించాడు: "నమస్తే సార్, టీ దగ్గర కలిశాం, అట్టపెట్టెల ప్రసాద్‌ని. నలిగిన పెట్టె ఒకటి ఉంటే పంపించండి, ఎక్కడ విరిగిందో చూసి చెబుతాను."

నాలుగు రోజులకు జీడిమెట్ల యూనిట్ ముందు ఒక ఆటో ఆగింది. దాంట్లో మూల విరిగి, తేమకు ఉబ్బిన అట్టపెట్టె ఒకటి ఉంది, మీద స్కెచ్ పెన్నుతో "అడుగు వరస" అని రాసి.