చెయ్యి పాతదే, చేతులు కొత్తవి

సంబంధాలకు పంపాల్సిన ఫొటో ఒకటి అనుకుందాం. చేతుల్లేని మెరూన్ కాటన్ కుర్తీ, నడుం మీద కుడి చెయ్యి, చక్కటి వెలుతురు. ఇంట్లోవాళ్లకు నిండు చేతులు కావాలి. గంటలో తయారై వచ్చిన ఫొటోలో చేతులైతే ఉన్నాయి గానీ, భుజం లావెక్కింది, అరచెయ్యి తెల్లబడింది. చూసినవాళ్లు ‘ఇది మా పిల్లేనా?’ అంటారు.

దీనికి కారణం ఎంపిక గీతలోనే ఉంటుంది. ఫొటోషాప్‌లోని Generative Fill గీత లోపల ఉన్నదంతా కొత్తగా గీస్తుంది. ఆ గీత వేళ్లదాకా వెళితే వేళ్లూ దాని సొంత కల్పనే అవుతాయి. అందుకే ఎంపిక మణికట్టు దగ్గర ఆగాలి. బయట వైపు చేతి అంచును దాటి కొంచెమే వెళ్లాలి. చెయ్యి 200 పిక్సెళ్ల వెడల్పుంటే పక్కకు ఐదారు పిక్సెళ్లు చాలు. బట్ట చర్మం మీద కూర్చుంటుంది కాబట్టి ఆ మాత్రం వదులు లేకపోతే చేతికి రంగు పూసినట్టుంటుంది.

చేత్తో చేసే పద్ధతి నిదానమైనదే, కానీ చెయ్యి ఆకారం మీద నమ్మకం దీనికే ఎక్కువ. కుర్తీ కింది భాగంలో ముడతలు లేని చోట బట్టను కాపీ చేసి, నేత దారం చెయ్యి పొడవునా నడిచేలా తిప్పి, చెయ్యి మీద పరుస్తారు. అప్పటికది అట్టముక్కలా ఉంటుంది. అసలు చేతిని మరో లేయర్‌గా తీసి, రంగు తీసేసి, బట్ట పైన పెట్టి Multiply మోడ్‌కు మారుస్తారు. చేతి గుండ్రదనం, మోచేతి కింది నీడ బట్టలోకి దిగుతాయి. బట్ట మరీ నల్లబడితే ఆ లేయర్‌నే Levels తో తేటపరచాలి. మోచేతి మడత దగ్గర రెండు మూడు ముడతలు, మణికట్టు మీద సన్నని నీడ మాత్రం విడిగా గీయాల్సిందే.

భుజం దగ్గరే చాలామంది దొరికిపోతారు. చేతుల్లేని కుర్తీ అంచు మెడ వైపు లోపలికి ఉంటుంది. నిండు చేతుల కుట్టు భుజం ఎముక చివర పడుతుంది. పాత అంచును అలాగే వదిలి చేతిని అతికిస్తే, ఏ టైలరైనా ఒక్క చూపులో పట్టేస్తాడు.

రంగు దిద్దుబాట్లు కొత్త చేతి లేయర్‌కే క్లిప్ చేయాలి. మొత్తం ఫొటో మీద వేస్తే ముఖం, అరచెయ్యి మారిపోతాయి.

మారాయో లేదో కంటితో తేల్చలేం. అసలు ఫొటోను అన్నిటికన్నా పైన పెట్టి Difference మోడ్‌కు మారిస్తే, ముట్టుకోని చోటల్లా నలుపే కనిపిస్తుంది. దాని పైన Levels పెంచి చూస్తే, వేళ్ల దగ్గర చిన్న మెరుపున్నా బయటపడుతుంది. అక్కడ మాస్క్ వేసి అసలు చెయ్యినే తిరిగి చూపిస్తే సరి.

గాజులుంటే చేతి అంచును వాటికి ముందే ఆపొచ్చు. నెట్ చేతులు కావాలంటే కష్టం, ఎందుకంటే జాలీ సందుల్లోంచి చర్మం కనపడాలి. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది భుజం మీద వాలిన జుట్టు. దాన్ని పోగులు పోగులుగా ఎంచుకుని, కొత్త బట్ట పైకి తేవాలి.