డాలస్‌లో ఉదయం 7 అయితే బాగ్‌బేరాలో ఎంత?

జంషెడ్‌పూర్ శివారులోని బాగ్‌బేరా నుంచి ఒక తెలుగు కుటుంబం అమెరికాలోని డాలస్‌లో ఉన్న బంధువులకు ఉగాది శుభాకాంక్షలు ఈమెయిల్‌లో పంపాలనుకుంది అనుకుందాం. 2026 మార్చి 19న అక్కడ ఉదయం 7 గంటలకు అది అందాలి. జీమెయిల్‌లో షెడ్యూల్ చేసేటప్పుడు మనం పెట్టే సమయం పంపేవారి టైమ్ జోన్ ప్రకారమే అమలవుతుంది. అందుకే లెక్క మనమే వేసుకోవాలి.

చలికాలంలో డాలస్ మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. ఫిబ్రవరిలో ఈ లెక్క చూసుకుని సాయంత్రం 6.30 అని పెడితే, ఈమెయిల్ అక్కడ 8 గంటలకు, అంటే గంట ఆలస్యంగా చేరుతుంది. కారణం, అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. 2026లో ఈ మార్పు మార్చి 8నే వస్తుంది. దాంతో తేడా 10 గంటల 30 నిమిషాలకు తగ్గుతుంది. కాబట్టి సరైన సమయం సాయంత్రం 5.30.

సోషల్ మీడియా పోస్టులను షెడ్యూల్ చేసే కొన్ని సాధనాల్లో టైమ్ జోన్‌ను ఎంచుకోవచ్చు. అక్కడ UTC-6 లాంటి స్థిరమైన తేడాకు బదులు, డాలస్‌కూ వర్తించే America/Chicago పేరును ఎంచుకోవాలి. గడియారం మారే తేదీల నియమాలు ఆ పేరుతోపాటే కంప్యూటర్‌లో ఉంటాయి. చూడాల్సింది ఈరోజు ఉన్న తేడా కాదు, సందేశం వెళ్లే రోజున ఉండే తేడా.