నంబరు ఇచ్చాక ఏమవుతుంది? కిరాణా యాప్‌కు ఒక పేరా పాలసీ

"మీ అనుభవాన్ని మెరుగుపరచు నిమిత్తము మీ సమాచారమును మా విశ్వసనీయ భాగస్వాములతో పంచుకొనవచ్చును." చిన్న దుకాణాల యాప్‌లలో ప్రైవసీ పాలసీ అన్న చోట నొక్కితే ఇలాంటి వాక్యాలే పేజీల కొద్దీ కనిపిస్తాయి. ఏ సమాచారం, ఏ భాగస్వాములు, ఎందుకు అని అడిగితే ఒక్కదానికీ జవాబు దొరకదు. చాలాసార్లు కొట్టు యజమానికీ తెలియదు. ప్లేస్టోర్‌లో యాప్ పెట్టాలంటే పాలసీ లింకు తప్పనిసరి కాబట్టి, యాప్ చేసిచ్చినవాళ్లు ఇంకెక్కడి నుంచో తెచ్చి అతికించేస్తారు.

అలాంటి యాప్‌కు నిజంగా కావలసింది ఒక్క పేరా. అది రాయడానికి లాయరు భాష రానక్కర్లేదు. కస్టమరు ఇచ్చిన నంబరు యాప్‌లోకి వచ్చాక ఎక్కడెక్కడికి పోతుందో తెలిస్తే చాలు. కష్టమంతా ఆ తెలుసుకోవడంలోనే ఉంది.

తెనాలిలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. యజమాని ఒక యాప్ చేయించుకున్నాడు. కస్టమరు ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీతో లోపలికి వెళ్లి, సరుకుల చీటీ పెడతాడు. కొట్టులో అబ్బాయి సరుకు కట్టి బండి మీద ఇంటికి చేరుస్తాడు. డబ్బు గుమ్మం దగ్గరే ఇస్తారు. యాప్ తీసుకునేది ఫోన్ నంబరు, ఆర్డర్ల వివరాలు. ఇంత చిన్న వ్యవహారానికి పాలసీ ఎందుకని అనిపించవచ్చు. నంబరు ఒక్కటే ఉంటే అది పది అంకెలే. దాని పక్కన ఏడాది ఆర్డర్లు చేరితే మాత్రం ఆ ఇంట్లో పసిబిడ్డ ఉన్నదీ, పెద్దాయన చక్కెర మానేసిందీ, ఇంటిల్లిపాదీ ఊరెళ్లే నెల ఏదన్నదీ అన్నీ తెలిసిపోతాయి.

ఇప్పుడు ఒక ఆర్డరు వెంట నడుద్దాం. కస్టమరు నంబరు కొట్టగానే అది ముందుగా ఓటీపీ మెసేజ్‌లు పంపే కంపెనీకి వెళుతుంది. ఓటీపీ సరిపోయాక నంబరూ, ఆర్డరూ సర్వర్‌లో చేరతాయి. ఆ సర్వర్ కొట్టులో ఉండదు. నెలనెలా అద్దె కట్టే ఇంకో కంపెనీది. యాప్ చేసిచ్చినవాళ్లు మరమ్మతుల కోసం అందులోకి వెళ్లగలరు. సరుకు బయలుదేరాక డెలివరీ అబ్బాయి తన సొంత ఫోన్ నుంచి "అన్నా, ఇల్లు ఎక్కడ?" అని కస్టమరుకు ఫోన్ చేస్తాడు. యాప్‌లో ఎన్ని జాగ్రత్తలు పెట్టినా నంబరు ఇప్పుడు ఆ ఫోన్ కాల్ లిస్టులో ఉంది. అబ్బాయి రేపు పని మానేసినా అక్కడే ఉంటుంది. యజమానిని అడిగితే "నంబర్లు మా దగ్గరే ఉంటాయండీ" అంటాడు. మనం చూసిన లెక్కలో అది నాలుగు చోట్లకు చేరింది. ఈ నాలుగూ తెలిశాక పేరా దాదాపు తనంతట తానే రాసుకుంటుంది:

"మా యాప్ మీ దగ్గర తీసుకునేవి రెండు. ఒకటి మీ ఫోన్ నంబరు. రెండోది మీ ఆర్డర్ల వివరాలు, అంటే ఏం కొన్నారు, ఎప్పుడు, ఎంతకు, ఏ చిరునామాకు తెప్పించుకున్నారు అన్నవి. నంబరును ఓటీపీ పంపడానికీ, సరుకు తెచ్చేటప్పుడు ఫోన్ చేయడానికీ వాడతాం. ఆర్డర్ల వివరాలను సరుకు కట్టడానికీ, బిల్లు వేయడానికీ, పాత చీటీని మీరు మళ్లీ పెట్టుకోవడానికీ వాడతాం. మీ నంబరు ఓటీపీ పంపే కంపెనీకీ, సరుకు తెచ్చే మా అబ్బాయికీ తెలుస్తుంది. వివరాలన్నీ మేం అద్దెకు తీసుకున్న సర్వర్‌లో ఉంటాయి. యాప్ చేసిచ్చినవాళ్లు మరమ్మతు కోసం మాత్రమే వాటిని చూడగలరు. ఇంకెవరికీ ఇవ్వం, అమ్మం. ఆఫర్ల మెసేజ్‌లు మీరు విడిగా ఒప్పుకుంటేనే పంపుతాం. వద్దనుకుంటే 'నా ఖాతా'లో ఒక్కసారి నొక్కి ఆపేయవచ్చు. ఒక్కో ఆర్డరు వివరాలను ఏడాది ఉంచి చెరిపేస్తాం. బిల్లులను పన్ను చట్టం ప్రకారం ఇంకా ఎక్కువ కాలం దాచాలి, కానీ వాటి మీద మీ నంబరు ఉండదు. మా దగ్గర మీ గురించి ఏముందో చూడాలన్నా, తప్పు దిద్దాలన్నా, ఖాతా తీసేయాలన్నా 'నా ఖాతా'లోకి వెళ్లండి, లేదా కొట్టుకు ఫోన్ చేయండి. వివరాలు బయటికి పొక్కితే ఆ సంగతి మేమే మీకు చెబుతాం. మా జవాబు మీకు సరిపోకపోతే డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు."

దీన్ని తెలుగులో కూడా ఎందుకు రాయాలో చట్టమే చెబుతోంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కస్టమరుకు ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఇంకో అడుగు వేశాయి. నోటీసు తేలిక మాటల్లో ఉండాలి, వేరే పత్రం చూడకుండానే అర్థం కావాలి, తీసుకునే వివరాలను ఒక్కొక్కటిగా చెప్పాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. వ్యాపారులు వీటికి సర్దుకోవడానికి నియమాలు వచ్చిన రోజు నుంచి 18 నెలల గడువు ఇచ్చారు.

ఆఫర్ల మాట విడిగా ఎందుకన్నదానికీ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకామె మందుల షాపులో కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తన నంబరు ఇస్తుంది. ఆ మెసేజ్ పంపడానికి షాపు నంబరును వాడుకోవచ్చు. ఇచ్చింది అందుకే కాబట్టి అంతవరకే. మన కొట్టుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కందిపప్పు ఇంటికి చేరాలని ఇచ్చిన నంబరుకు సంక్రాంతి ఆఫరు పంపాలంటే ఇంకోసారి అడగాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి చెల్లదు, ఆ టిక్కు కస్టమరే పెట్టాలి.

పేరాలో రాయడానికి తేలికగా, నిలబెట్టుకోవడానికి కష్టంగా ఉండేది చెరిపివేత. చాలా పాలసీలు "కోరితే వెంటనే తొలగిస్తాం" అని రాసేస్తాయి. ఆ మాట ఎక్కడ దెబ్బతింటుందో ఒక కేసులో చూద్దాం. ఒక కస్టమరు 2025 జూన్‌లో సరుకులు కొన్నాడు, రెండు నెలల తర్వాత ఊరు మారుతూ ఖాతా తీసేయమన్నాడు. ఆ జూన్ బిల్లు 2025-26 ఆర్థిక సంవత్సరానిది. కొట్టుకు జీఎస్‌టీ ఉంటే, ఆ ఏడాది వార్షిక రిటర్నుకు గడువు 2026 డిసెంబరు 31. లెక్కల పుస్తకాలను ఆ తేదీ నుంచి 72 నెలలు దాచాలి, అంటే 2032 డిసెంబరు చివరి దాకా. కాబట్టి "అన్నీ వెంటనే చెరిపేస్తాం" అన్న వాక్యం రాసిన రోజే అబద్ధమవుతుంది.

బయటపడే దారి ఉంది. మామూలు కస్టమరు బిల్లు మీద ఫోన్ నంబరు ఉండాలని జీఎస్‌టీ ఎక్కడా అడగదు. సరుకు, ధర, పన్ను, తేదీ ఉంటే లెక్కకు సరిపోతుంది. అందుకే యాప్ చేయించేటప్పుడే నంబరు ఒక పట్టికలో, బిల్లు ఇంకో పట్టికలో ఉండేలా చేయించాలి. అప్పుడు ఖాతా తీసేయమన్నప్పుడు రెండింటి మధ్య లంకె తెంచితే బిల్లు ఎవరిదో తెలియని లెక్కగా మిగులుతుంది. రెండూ ఒకే వరుసలో కలిపి రాసేసిన యాప్‌లో ఈ మాట నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఇక ఏడాది గడువు ఎందుకంటే, డేటానూ దాన్ని వాడిన లాగ్‌లనూ కనీసం ఏడాది ఉంచాలన్న షరతు కొత్త నియమాల్లో ఉంది. ఖాతా మూసిన కస్టమరుకు కొట్టు ఇవ్వగల నిజాయితీ గల మాట ఇది: ఈ రోజు నుంచి మీ వివరాలను దేనికీ వాడం, ఏడాది నిండగానే చెరిపేస్తాం. ఇంకా బాకీ ఉంటే అది తీరేదాకా ఖాతా ఉంటుందనీ అప్పుడే చెప్పాలి.

ఫోన్ నంబరుతోనే లోపలికి వెళ్లే యాప్‌లకు ఇంకో చిక్కు ఉంది. దాని గురించి పాలసీల్లో దాదాపు ఎవరూ రాయరు. వాడకం ఆగి రద్దయిన సిమ్ నంబరును టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆ కొత్త మనిషి మన కిరాణా యాప్ పెట్టుకుని నంబరు కొడతాడు. ఓటీపీ అతనికే వస్తుంది, అతను తప్పేమీ చేయలేదు. తలుపు తెరుచుకోగానే పాత మనిషి చిరునామా, నెలనెలా తెప్పించుకున్న చీటీలు అన్నీ ఎదురుగా ఉంటాయి. ఎవరూ దొంగిలించకుండానే వివరాలు పరాయి చేతికి పోయాయి. మందు చిన్నదే. మూడు నెలలు వాడని ఖాతా మళ్లీ తెరుచుకుంటే, పాత ఆర్డర్లు చూపించే ముందు పేరో, చివరి చిరునామా పిన్‌కోడో అడగాలి. జవాబు సరిపోకపోతే ఖాళీ ఖాతాతో మొదలుపెట్టాలి. ఇది చేశాక పేరాలో ఒక వాక్యం చేర్చుకోవచ్చు: "నంబరు మారితే చెప్పండి, పాత నంబరు మీద మీ ఆర్డర్లు కనిపించకుండా చేస్తాం."

పాలసీ చదివే కస్టమరు అందులోని మాట నిజమో కాదో చాలావరకు తన ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పర్మిషన్లు చూస్తే చాలు. సరుకులు అమ్మే యాప్ కాంటాక్టులు, గ్యాలరీ, మైక్ అడుగుతుంటే "తీసుకునేవి రెండు" అన్న మాట అక్కడే తప్పింది. ప్లేస్టోర్‌లో యాప్ పేరు కింద డేటా సేఫ్టీ అనే భాగం ఉంటుంది, తామేం తీసుకుంటున్నారో డెవలపర్లే అక్కడ రాస్తారు. పాలసీలో ఒకటి, అక్కడ ఇంకొకటి ఉంటే రెండింటిలో ఒకటి తప్పన్నమాట. ఖాతా తీసేయడానికి యాప్ లోపలే దారి ఉండాలని కూడా ప్లేస్టోర్ నిబంధన. అది కనిపించకపోతే కొట్టుకు ఫోన్ చేసి అడగండి. అడిగిన నంబరు ఎవరూ ఎత్తకపోతే ఆ పేరాను ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం.

కొట్టు యజమాని వైపు పని ఇంకొంచెం ఉంది. పేరా ఒకసారి రాసి వదిలేసేది కాదు. ఓటీపీ కంపెనీ మారినా, డబ్బు యాప్‌లోనే కట్టే ఏర్పాటు పెట్టినా, వాట్సాప్‌లో బిల్లు పంపడం మొదలైనా నంబరు కొత్త చోటికి వెళ్లినట్టే. కొత్త చోటుకు తగ్గ వాక్యం పేరాలో ముందు చేరాలి. దానికి కస్టమర్లు ఒప్పుకున్నాకే ఏర్పాటు మొదలుపెట్టాలి. రాయబోయే వాక్యం కస్టమరు ముందు పైకి చదవడానికి ఇబ్బందిగా అనిపిస్తే, మార్చాల్సింది ఆ ఏర్పాటునే.